కావాలనే చెడగొట్టిన పీసీ

హాస్టల్ గదిలో ఒకరి కంప్యూటర్‌లో గేమ్ నెమ్మదించిందనుకోండి. గదిలో నలుగురుంటే నాలుగు సలహాలు వస్తాయి. ఒకడు గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్ళీ వెయ్యమంటాడు. ఇంకొకడు యాంటీవైరస్ ఆపెయ్యమంటాడు. మూడోవాడు ర్యామ్ చాలడం లేదని తేల్చేస్తాడు. నాలుగోవాడు ఏకంగా ఫార్మాట్ కొట్టమంటాడు. గంటలో నాలుగూ అయిపోతాయి. గేమ్ బాగుపడితే వీటిలో ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. బాగుపడకపోతే పరిస్థితి ఇంకా అన్యాయం. మొదటున్న తప్పు అలాగే ఉంటుంది, దాని మీద నాలుగు కొత్త మార్పులు వచ్చి కూర్చుంటాయి.

ఈ అలవాటు మాన్పించడానికి కాలేజీ గేమింగ్ క్లబ్బులు ఒక్క మధ్యాహ్నంలో నడుపుకోదగ్గ వర్క్‌షాప్ పథకం ఇది. ఒక పాత పీసీని తెచ్చి ముందు సవ్యంగా ఆడేలా చేస్తారు. తర్వాత ఒక సీనియర్ దాన్ని కావాలనే చెడగొడతాడు. ఏం చెడిందో సభ్యులు కనిపెట్టాలి. నిజంగా చెడిన పీసీ మీదే నేర్చుకోవచ్చు కదా అని అడగొచ్చు. దానితో ఒక చిక్కుంది. అసలు తప్పేమిటో అక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి, జట్టు సరిగ్గా వెతికిందో, గుడ్డిగా తగిలిందో తేల్చలేం. చెడగొట్టిన పీసీ విషయంలో జవాబు ముందే కవరులో ఉంటుంది. పైగా బాగుచేశాక అదే తప్పును మళ్ళీ పెట్టి, లక్షణం తిరిగొస్తుందో లేదో చూసుకోవచ్చు. ఈ పథకం మొత్తానికి ప్రాణం ఆ చివరి పనే.

పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంజినీరు డేవిడ్ అగాన్స్ 2002లో డీబగ్గింగ్ మీద రాసిన పుస్తకంలో హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ పనికొచ్చే తొమ్మిది సూత్రాలు ఇచ్చాడు. ఈ వర్క్‌షాప్‌కు వాటిలో నాలుగు చాలు. తప్పును ముందు మీ కళ్ళముందు రప్పించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. చేసిన ప్రతి పనీ రాసి పెట్టండి. బాగైందని రుజువు చేసేదాకా బాగైనట్టు కాదు.

ఎలాంటి పీసీ కావాలి

ఖరీదైనది అక్కర్లేదు. ఆఫీసులు వదిలించుకుంటున్న పాత డెస్క్‌టాప్ సరిపోతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2015 నాటి ఇంటెల్ ఐ5-6500 లాంటి ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. రోజువారీ పనికి పక్కన పెట్టిన అలాంటి పెట్టె సాధనకు చక్కగా పనికొస్తుంది. దానికి జీటీఎక్స్ 1050 టీఐ స్థాయి పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి, 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే చాలు. ప్రాసెసర్‌లోనూ సొంత గ్రాఫిక్స్ ఉన్న రకం ఎంచుకోండి. ఎందుకో మొదటి ఫిర్యాదు దగ్గర తెలుస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని పీసీ కాబట్టి నెట్ అవసరమైన ఒక్క అభ్యాసం తప్ప మిగతా సమయంలో దాన్ని నెట్‌కు కలపొద్దు. కలిపినప్పుడు కూడా కాలేజీ నెట్‌వర్క్‌కు కాకుండా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి.

గేమ్‌గా సూపర్‌టక్స్‌కార్ట్ తీసుకోండి. అది ఉచితం, ఓపెన్ సోర్స్, అకౌంట్ లేకుండానే ఆడొచ్చు. దాని కొత్త వెర్షన్లలో బెంచ్‌మార్క్ కూడా ఉంది. గేమ్ ప్రతిసారీ ఒకే పరుగును తనంతట తానే నడిపి సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయో, అంటే ఎఫ్‌పీఎస్ ఎంతో చెబుతుంది. మనిషి చేతిలో ఆట ప్రతిసారీ వేరుగా నడుస్తుంది, కొలతా వేరుగా వస్తుంది. ఈ బెంచ్‌మార్క్‌తో ఆ గొడవ ఉండదు. క్రాక్ చేసిన గేములను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. వాటిలో ఫైళ్ళు ముందే మార్చి ఉంటాయి, యాంటీవైరస్ కొన్నింటిని తీసి పక్కన పెడుతుంది. మీరు పెట్టిన తప్పేదో, దానితో వచ్చిన తప్పేదో విడదీయలేరు.

చెడగొట్టే ముందు కొలత

బాగున్నప్పుడు ఎలా ఉండేదో రాసుకోకపోతే చెడిందని చెప్పడానికి ఆధారం ఉండదు. అందుకే వర్క్‌షాప్‌లో మొదటి అరగంట పీసీ ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్కలకే పోతుంది. ముందుగా గేమ్ సెట్టింగ్స్‌లో వీ-సింక్ ఆపండి. అది ఉంటే ఎఫ్‌పీఎస్ మానిటర్ వేగం దగ్గర, సాధారణంగా 60 దగ్గర, ఆగిపోతుంది. పీసీ అసలు సత్తా కనబడదు. రిజల్యూషన్, గ్రాఫిక్స్ నాణ్యత ఎంత పెట్టారో రాసుకోండి. బెంచ్‌మార్క్‌ను నాలుగుసార్లు నడపండి. మొదటిసారి ఫైళ్ళు కొత్తగా చదవడంతో లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి దాన్ని వదిలేసి మిగతా మూడూ రాయండి.

ఆ మూడింటి మధ్య ఎంత తేడా వచ్చిందో అదీ ముఖ్యమే. ఏమీ మార్చకుండానే కొలతలు ఐదు ఫ్రేములు అటూ ఇటూ ఊగుతుంటే, తర్వాత ఏదో మార్చినప్పుడు మూడు ఫ్రేములు పెరిగాయని సంబరపడటానికి లేదు. యూట్యూబ్ చిట్కాల్లో చాలా భాగం ఈ ఊగులాటలోనే బతుకుతాయి.

ఎఫ్‌పీఎస్‌తో పాటు గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో మూడు సంగతులు చూసి రాయండి. ప్రాసెసర్ పేజీలో `Speed` దగ్గర కనిపించే గిగాహెర్ట్జ్, గ్రాఫిక్స్ కార్డు వాడకం శాతం, వాడుతున్న మెమరీ. ఉష్ణోగ్రతకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పనికొస్తుంది. పీసీ వెనకవైపు కేబుళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. చివరగా క్లోన్‌జిల్లాతో మొత్తం డిస్కును బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీసి పెట్టండి. ఎవరేం చేసినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

చెడగొట్టేవాడి హద్దులు

చెడగొట్టే పని ఒక్కరికే అప్పజెప్పాలి. ఏం చేశాడో, దాన్ని వెనక్కి తీయడం ఎలాగో కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాలి. సాధ్యమైనంతవరకు ఒక్క అడుగులో వెనక్కి తీయగల తప్పులే పెట్టాలి. పెట్టాక తనే గేమ్ నడిపి లక్షణం నిజంగా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. కాగితం మీద భలేగా కనిపించిన తప్పు కొన్నిసార్లు పీసీలో ఏ తేడా తేదు. అప్పుడు జట్టు లేని దయ్యం కోసం వెతుకుతుంది.

చేయకూడనివి స్పష్టంగా చెప్పాలి. పవర్ సప్లై డబ్బా మూత ఎవరూ విప్పకూడదు, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిల్వ ఉంటుంది. ప్రాసెసర్ ఫ్యాన్ పీకి వేడి తప్పు సృష్టించకూడదు. పీసీ లోపల చెయ్యి పెట్టాలంటే ప్లగ్ తీసి, ఇనప కేసును ఒకసారి తాకి, అప్పుడే పెట్టాలి. వైరస్‌లతో ఆటలొద్దు. ల్యాబ్ పీసీలను ల్యాబ్ ఇన్‌చార్జి అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

జట్లు, కాగితం, మార్కులు

పన్నెండు మంది వస్తే ముగ్గురేసి నాలుగు జట్లు. నాలుగు ఫిర్యాదులు, జట్టుకొకటి, ఒక్కోదానికి 25 నిమిషాలు. జట్టులో ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు తెరమీద అంకెలు చదవడానికి, ఒకరు రాయడానికి. మిగతా మూడు జట్లు చూస్తూ తమ ఊహలను తమ కాగితం మీద రాసుకుంటాయి, పైకి మాట్లాడవు. వచ్చిన ఫిర్యాదుతో కలిపి మొత్తం మూడు గంటల్లో అయిపోతుంది.

రాసే కాగితంలో నాలుగు గడులు చాలు: ఊహ, దాన్ని తేల్చే పరీక్ష, ఊహ నిజమైతే ఏం కనిపించాలి, నిజంగా ఏం కనిపించింది. మూడో గడి నింపకుండా కీబోర్డు ముట్టుకోకూడదు. కొత్తవాళ్ళకు ఈ నియమం చిరాకు తెప్పిస్తుంది. కానీ ఏం రావాలో ముందే రాసుకోకపోతే, ఏది వచ్చినా మన ఊహకే సాక్ష్యంగా కనిపిస్తుంది.

పది మార్కులు ఇలా పంచండి. తప్పును ముందు కళ్ళారా చూసినందుకు రెండు. రాసిన ఊహలకూ పరీక్షలకూ నాలుగు. బాగుచేసినందుకు రెండు. తప్పును తిరిగి పెట్టి లక్షణం తిరిగొచ్చిందని చూపినందుకు రెండు. డ్రైవర్లు, విండోస్ మళ్ళీ వేయడం నిషేధం. దానివల్ల బాగుపడొచ్చు కూడా, అయితే ఆధారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మొదటి ఫిర్యాదు: ఒక్కసారిగా గేమ్ పాకుతోంది

ఇది కంటితో చూసి పట్టుకోవాల్సిన తప్పు. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డు నుంచి తీసి, మదర్‌బోర్డు మీది పోర్టులో పెట్టారు. తెర మామూలుగానే వెలుగుతుంది, విండోస్ మామూలుగానే ఉంటుంది, గేమ్ మాత్రం ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తుంది. కార్డు పెట్టగానే లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేసే మదర్‌బోర్డులు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు తెర నల్లగా ఉండిపోతుంది. కాబట్టి చెడగొట్టేవాడు బయోస్‌లో దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి.

గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ యూనిట్లు కనిపిస్తాయి. ఇంటెల్ వైపు గీత పైకి ఎగబాకి, కార్డు వైపు గీత నేల మీదే పడి ఉంటే సంగతి అర్థమైపోతుంది. వెనకవైపు ఫోటోతో పోల్చి చూస్తే రెండు నిమిషాల పని. కొత్త పీసీ కొని కేబుల్ ఇలా తప్పుగా పెట్టుకున్నవాళ్ళు నిజ జీవితంలోనూ తక్కువేం కాదు. సెట్టింగులు తవ్వే ముందు తీగలు చూడాలన్న అలవాటు ఇక్కడ పడుతుంది.

రెండో ఫిర్యాదు: 'గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది'

దీన్ని నిదానంగా చూద్దాం. చెడగొట్టేవాడు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ రెండు వరుసలు కొట్టాడు:

```
powercfg /setacvalueindex scheme_current sub_processor PROCTHROTTLEMAX 40
powercfg /setactive scheme_current
```

ప్రాసెసర్ తన వేగంలో 40 శాతం దాటొద్దని విండోస్‌కు ఇచ్చిన ఆజ్ఞ ఇది. జట్టు చేతికి వచ్చిన చీటీలో మాత్రం ఇలా ఉంటుంది: 'నిన్నటిదాకా బాగానే ఆడింది. ఈ రోజు మొదటి నుంచీ లాగుతోంది. గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది.' ఇందులో మొదటి రెండు వాక్యాలు లక్షణం, మూడోది ఫిర్యాదుదారుడి అభిప్రాయం. ఆ రెండింటినీ విడదీయడమే జట్టు మొదటి పని.

బెంచ్‌మార్క్ మూడుసార్లు నడిపారు. ఇక్కడ నమూనా అంకెలు తీసుకుందాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు 118, 120, 119 వచ్చాయి. ఇప్పుడు 52, 53, 52. తేడా కొలతల ఊగులాటకు ఎన్నో రెట్లు, కాబట్టి ఫిర్యాదు నిజమే. పైగా మూడూ దాదాపు ఒకటే. అంటే అప్పుడప్పుడూ వచ్చిపోయే తప్పు కాదు, ఏదో ఒకటి నిలకడగా పట్టి ఉంచుతోంది.

ఇక సగానికి సగం చీల్చే పరీక్ష. అనుమానం గ్రాఫిక్స్ వైపా, ప్రాసెసర్ వైపా? రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కు తగ్గించారు. కార్డు గీయాల్సిన చుక్కలు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. ప్రాసెసర్ చేసే పని మాత్రం పెద్దగా మారదు. కార్డే అడ్డమైతే ఎఫ్‌పీఎస్ బాగా పెరగాలి అని మూడో గడిలో రాసుకున్నారు. నడిపి చూస్తే 53. కదల్లేదు. టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం కూడా సగానికి తక్కువే ఉంది. కార్డు పనిలేక ఎదురుచూస్తోంది. మళ్ళీ 1080కి తెచ్చేశారు. పరీక్ష కోసం మార్చినదాన్ని వెంటనే యథాస్థానానికి తేకపోతే తర్వాతి కొలత చెల్లదు.

సరిగ్గా ఇక్కడే జట్టులో ఒకరికి చెయ్యి దురద పెడుతుంది.

"పనిలో పనిగా డ్రైవర్ కూడా అప్‌డేట్ చేసేద్దాం రా, పోయేదేముంది?"

"ఆగరా. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో కాగితం మీద ఏం రాయను?"

ప్రాసెసర్ వైపు తిరిగారు. వాడకం 30 శాతం దాటలేదు. ఖాళీగానే ఉందిగా అనిపిస్తుంది. చాలామంది పడే గుంత ఇదే. గేమ్ ముఖ్యమైన పని ఒక కోర్ మీదే నడిస్తే, నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో ఆ ఒక్కటీ పూర్తిగా నిండినా మొత్తం వాడకం 25 శాతం దగ్గరే కనిపిస్తుంది. దానికి తోడు విండోస్ 10 టాస్క్ మేనేజర్ ఈ శాతాన్ని ప్రాసెసర్ బేస్ స్పీడ్‌తో పోల్చి లెక్కగడుతుంది. వేగం తగ్గిపోతే శాతమూ తగ్గి కనిపిస్తుంది. అందుకే శాతం వదిలేసి `Speed` చూడాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గేమ్‌లో 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండేది. ఇప్పుడు 1.3 దగ్గర ఆగిపోయింది. గేమ్ నడుస్తుండగానే ఇది చూడాలి. పని లేనప్పుడు ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అది జబ్బు కాదు.

వేగం ఎందుకు తగ్గింది? రెండు ఊహలు రాశారు. ఒకటి వేడి, రెండోది ఏదో సెట్టింగ్. వేడే కారణమైతే గేమ్ మొదలవగానే వేగం పూర్తిగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ పడిపోవాలి. ఈ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరాకే వేడికి తట్టుకోలేక వేగం తగ్గిస్తాయి. సెట్టింగ్ కారణమైతే మొదటి సెకను నుంచే వేగం తక్కువగా ఉండాలి, ప్రాసెసర్ చల్లగా ఉండాలి. పీసీని పది నిమిషాలు ఆపి, చల్లారాక మళ్ళీ నడిపారు. మొదటి సెకను నుంచే 1.3, ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటలేదు. వేడి కొట్టివేత.

వేగానికి పగ్గాలు వేసే చోట్లు ముఖ్యంగా రెండు, బయోస్, విండోస్ పవర్ ప్లాన్. చూడటానికి తేలికైనది పవర్ ప్లాన్. అడగడం వల్ల ఏదీ మారదు కాబట్టి ముందు అదే అడిగారు:

```
powercfg /query scheme_current sub_processor PROCTHROTTLEMAX
```

జవాబులో `Current AC Power Setting Index: 0x00000028` అని వచ్చింది. ఇది పదహారు ఆధారంగా రాసిన అంకె. 28 అంటే రెండు పదహార్లూ ఒక ఎనిమిదీ, మొత్తం 40. ఆరోగ్యంగా ఉంటే ఇక్కడ `0x00000064`, అంటే 100 ఉండాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ లోపల `Maximum processor state` పేరుతోనూ ఇదే కనిపిస్తుంది.

పై కమాండ్‌లో 40 బదులు 100 పెట్టి కొట్టారు. బెంచ్‌మార్క్ 119. చప్పట్లు కొట్టేముందు ఇంకొక పని ఉంది. 40 తిరిగి పెట్టారు, 52 వచ్చింది. మళ్ళీ 100 పెట్టారు, 119. ఇప్పుడు రుజువైంది. ఈ చివరి అడుగు లేకపోతే, మధ్యలో పీసీని ఆపి ఆన్ చేసినందుకు బాగైందో, సెట్టింగ్ వల్ల బాగైందో చెప్పలేం కదా. కవరు తెరవడానికి అనుమతి అప్పుడే.

మూడో ఫిర్యాదు: 'నెట్ రావడం లేదు'

చీటీలో 'నెట్ పోయింది, గేమ్‌లో లాగిన్ కావడం లేదు' అని ఉంటుంది. చెడగొట్టేవాడు విండోస్‌లో సమయం తనంతట తాను సరిచేసుకునే స్విచ్ ఆపి, తేదీని 2019కి తిప్పాడు. నెట్ అవసరమైన అభ్యాసం ఇదొక్కటే.

ఇంట్లో కరెంటు పోతే ముందు పక్కింట్లో లైట్లు వెలుగుతున్నాయేమో చూస్తాం, ఫ్యూజు దగ్గరికి తర్వాత వెళ్తాం. ఇక్కడా అంతే. అదే హాట్‌స్పాట్ మీద ఇంకో ఫోన్‌లో వెబ్‌సైట్ తెరుచుకుంటోంది, కాబట్టి నెట్ ఉంది. పీసీ నుంచి `ping 8.8.8.8` కొడితే జవాబు వస్తోంది, కాబట్టి పీసీ దాకా కూడా నెట్ వచ్చింది. బ్రౌజర్‌లో ఏదైనా సైట్ తెరిస్తే మాత్రం క్రోమ్ `NET::ERR_CERT_DATE_INVALID` అంటుంది. గేమ్‌కు సంబంధం లేని బ్రౌజర్‌లోనూ తప్పు కనిపించింది కాబట్టి గేమ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం దండగ.

సురక్షితమైన సైట్లన్నీ తామెవరో చూపే సర్టిఫికెట్ ఇస్తాయి. దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. పీసీ దృష్టిలో ఇది 2019 అయితే, ఈ మధ్య ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే తలుపు వేసేస్తుంది. గేమ్ లాగిన్ కూడా అలాంటి కనెక్షనే వాడితే అక్కడా ఇదే జరుగుతుంది, కానీ చాలా గేములు కారణం చెప్పకుండా 'కనెక్ట్ కాలేదు' అని ఊరుకుంటాయి. పూర్తి కారణం చెప్పే ఇంకో ప్రోగ్రాంతో అదే పని చేయించి చూడటం ఈ ఫిర్యాదు నేర్పే కిటుకు.

పాత పీసీల్లో ఈ తప్పు ఎవరూ పెట్టకుండానే వస్తుంది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. సమయం సరిచేసినా ప్లగ్ తీసి పెట్టగానే మళ్ళీ తప్పితే బ్యాటరీ మార్చాలని అర్థం. ఇంకో జాగ్రత్త. తేదీ తప్పినప్పుడు విండోస్ రాసుకునే లాగ్‌లలో వేళలు కూడా కలగాపులగం అవుతాయి. జట్టు కాగితం మీద గోడ గడియారం టైమే రాయాలి.

నాలుగో ఫిర్యాదు: తప్పే లేదు

'గేమ్ మధ్యమధ్యలో అర సెకను ఆగి కదులుతోంది' అని చీటీ. కవరులో ఉన్నది ఒకే మాట: ఏమీ చేయలేదు.

నాలుగింటిలో కష్టమైనది ఇదే. వరుసగా మూడు తప్పులు చూసిన జట్టుకు నాలుగోది కూడా ఉండి తీరాలనిపిస్తుంది. ఏదో ఒక సెట్టింగ్ మార్చి, ఆగడం తగ్గిందని నమ్మకంగా చెప్పే ప్రమాదం ఉంది. సరైన పని వేరు. బెంచ్‌మార్క్ మూడుసార్లు నడిపి మొదటి అంకెలతో పోల్చాలి. పది నిమిషాలు నిజంగా ఆడి చూడాలి. ఆగడం కనిపించకపోతే ఏమీ ముట్టుకోకుండా 'ఈ పరిస్థితుల్లో తప్పు కనిపించలేదు' అని రాసి, ఫిర్యాదుదారుడిని అడగాల్సిన ప్రశ్నలు కింద రాయాలి. ఏ ట్రాక్‌లో ఆగింది? ఆన్‌లైన్‌లో ఆడుతున్నారా? వెనకాల డౌన్‌లోడ్ ఏదైనా నడుస్తోందా? మొదటి నుంచీ ఆగుతోందా, కొంతసేపటి తర్వాతా? ఈ జట్టుకు బాగుచేసినందుకూ తప్పు తిరిగి పెట్టినందుకూ ఉన్న నాలుగు మార్కులు ఆ ప్రశ్నలకు ఇవ్వండి. ఏదైనా మార్చిన జట్టుకు ఆ నాలుగూ సున్నా.

ఈ వర్క్‌షాప్ నేర్పలేనిది

ఇక్కడ పెట్టిన తప్పులన్నీ ఒక గుణంలో ఒకటే, ప్రతిసారీ ఒకేలా కనిపిస్తాయి. నిజమైన పీసీల్లో మొండి జబ్బులు అలా ఉండవు. పాతబడిన పవర్ సప్లై బరువు పెరిగినప్పుడే చేతులెత్తేస్తుంది. చెడిపోతున్న ర్యామ్ వారానికోసారి గేమ్‌ను పడగొడుతుంది. వాటిని కావాలని సృష్టించడం కష్టం, కొన్నిసార్లు ప్రమాదం. వాటికి బాగున్న విడిభాగాన్ని పెట్టి చూడటం, రాత్రంతా పరీక్ష నడపడం లాంటి వేరే పద్ధతులు కావాలి. రెండు తప్పులు ఒకేసారి పెట్టే ఆట కూడా మొదటి రోజు వద్దు. ఒక్కదాన్ని రుజువుతో పట్టుకోవడం వచ్చాక, తర్వాతి సమావేశంలో పెట్టుకోవచ్చు.

క్లబ్ పెద్దలకు ఒక్క విన్నపం. ఆరోగ్యంగా ఉన్నప్పటి కొలతలు రాసి, డిస్క్ కాపీ తీసి పెట్టనిదే ఆ పీసీలో ఒక్క సెట్టింగ్ కూడా చెడగొట్టనివ్వకండి. అయిపోయాక జట్ల కాగితాలన్నీ ఒక ఫైల్లో దాచండి. రేపు హాస్టల్లో ఎవరి గేమ్ నెమ్మదించినా, ముందు ఆ నాలుగు గడుల కాగితం ఒకటి చేతికిచ్చి నింపుకు రమ్మనండి.